3 గంటల 40 నిమిషాల ఫైనల్‌ని 8 నిమిషాలకు కోయాలి: ఏ బంతి ఉంచాలి, ఏది తీసేయాలి?

పెవిలియన్_ఎండ్ (అనంతపురం)
అందరికీ నమస్కారం. సంక్రాంతికి మా దగ్గర 20 ఓవర్ల టోర్నీ జరిగింది. ఫైనల్ తాడిపత్రి, ధర్మవరం జట్ల మధ్య. సైట్‌స్క్రీన్ వెనక ట్రైపాడ్ మీద ఒక ఫోను పెట్టి మొత్తం 4కేలో తీశాం. సెకనుకు 30 ఫ్రేములు. మా చిన్నాన్న కొడుకు ఇంకో ఫోను పట్టుకుని టెంట్ దగ్గర తిరుగుతూ అప్పుడప్పుడు తీశాడు. అంతే మా దగ్గరున్న సరుకు.

మ్యాచ్ సంగతి: తాడిపత్రి 141/8. ధర్మవరం 12 ఓవర్లకు 95/2, అంటే 48 బంతుల్లో 47 కావాలి. అందరూ అయిపోయిందనుకున్నారు. తర్వాతి 4 ఓవర్లలో 14 పరుగులే వచ్చాయి, 3 వికెట్లు పడ్డాయి. చివరి ఓవర్‌కి 7 కావాలి. ఆఖరి బంతికి రెండో పరుగు తీస్తే టై, అక్కడ రనౌట్. ధర్మవరం 140/8. ఒక్క పరుగుతో పోయింది.

నేను కోసిన వీడియోలో రెండు ఇన్నింగ్స్‌లలోని 19 ఫోర్లు, 6 సిక్సులు, 16 వికెట్లు, అన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కోటి 12 సెకన్లు, మొత్తం 8 నిమిషాలు దాటింది. ఒక్కటీ వదల్లేదు. అయినా చూసినవాళ్ళంతా ఒకటే మాట: "బాగుంది గానీ, మ్యాచ్ అంత టైట్‌గా జరిగినట్టు లేదే!" గ్రౌండ్‌లో ఉన్న టెన్షన్ వీడియోలో లేదు. ఎక్కడ పోయింది?

సిక్సర్_సీమ (కర్నూలు)
బ్రో, 8 నిమిషాలు ఎవరు చూస్తారు? 60 సెకన్ల నిలువు వీడియో చెయ్. 6 సిక్సులు, ఆఖరి రనౌట్, అంతే. కింద బీట్ ఉన్న మ్యూజిక్.

ఇంకో చిట్కా. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో గీత చూడు. జనం అరిచిన చోటల్లా ఎత్తుగా లేస్తుంది. అక్కడికే పో, కోసెయ్. 3 గంటలు కూర్చుని చూడాల్సిన పనే లేదు. కోయడానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, ఈ ఒక్క లైను చాలు:

```
ffmpeg -ss 02:51:10 -to 02:51:30 -i final.mp4 -c copy w3.mp4
```

రెండు సెకన్లలో ముక్క బయటికొస్తుంది.

నాన్నే_కోచ్ (ప్రొద్దుటూరు)
మంచి చర్చ. మా అబ్బాయి అండర్-16 ఆడుతున్నాడు. వాడి బ్యాటింగ్ వీడియో సెలెక్టర్లకు పంపాలి. వాడు కొట్టిన ఫోర్లన్నీ కలిపి మ్యూజిక్ పెట్టి పంపితే ఎవరూ జవాబివ్వలేదు. ఎన్ని నిమిషాలుండాలి? స్లో మోషన్ పెట్టాలా?

పాత_టేపు (అనంతపురం)
నాన్నే_కోచ్ గారూ, మీది వేరే పని. కోచ్‌కి హైలైట్స్ వద్దు. ఒకే బౌలర్‌ని ఆడిన వరస బంతులు, కోయకుండా, మ్యూజిక్ లేకుండా, పక్క నుంచి ఒక కోణం, వెనక నుంచి ఒక కోణం కావాలి. బంతి తగలకపోయినవీ ఉండాలి. కాలు ఎటు పోతోంది, తల పడిపోతోందా అన్నది ఫోర్ కొట్టిన బంతిలో కన్నా బీట్ అయిన బంతిలోనే బాగా తెలుస్తుంది. వివరాలు కావాలంటే విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి.

ఇక పెవిలియన్_ఎండ్‌కి. నేను పెళ్ళి వీడియోలతో మొదలుపెట్టి, లోకల్ కేబుల్‌కి మ్యాచ్‌లు కోసినవాణ్ణి. నీ వీడియో చూడకుండానే చెప్తా, టెన్షన్ 13 నుంచి 16 ఓవర్ల మధ్య పోయింది. ఆ 4 ఓవర్లలో బౌండరీ ఒక్కటైనా ఉందా? ఉండదు, 14 పరుగులే కదా. అంటే నీ వీడియోలో ఆ 24 బంతులు మూడు వికెట్ల ముక్కలుగా మిగిలాయి. 36 సెకన్లు. చూసేవాడికి మూడు వికెట్లు టపటపా రాలినట్టు అనిపిస్తుంది, పరుగులు ఆగిపోయినట్టు అనిపించదు. ధర్మవరం ఓడిపోయింది వికెట్ల వల్ల మాత్రమే కాదు, డాట్ బంతుల వల్ల. నువ్వు వాటినే తీసేశావు.

నేను పాటించేది ఒకటే. ఏ బంతినైనా తీసేసే ముందు, "ఇది లేకపోతే తర్వాత ఉంచిన బంతి ఎందుకు జరిగిందో అర్థమవుతుందా?" అని చూస్తా. అర్థమైతే తీసేస్తా. కాకపోతే అది డాట్ బంతైనా ఉంచుతా.

అందరికీ గుర్తున్న మ్యాచ్ చెప్తా. 2007 టీ20 ప్రపంచ కప్ ఫైనల్, జొహానెస్‌బర్గ్. ఆఖరి ఓవర్ జోగిందర్ శర్మది. పాకిస్తాన్‌కి 13 కావాలి, చేతిలో ఒక్కటే వికెట్. మనకు కళ్ళముందు ఆడేది మిస్బా స్కూప్, శ్రీశాంత్ క్యాచ్. కానీ ఆ ఓవర్ వరస ఏమిటి? మొదట వైడ్, తర్వాత డాట్, తర్వాత సిక్స్, ఆ తర్వాత ఆ స్కూప్. వైడ్ తీసేస్తే బౌలర్ వణుకు పోతుంది. డాట్ తీసేస్తే ఆశ పోతుంది. సిక్స్, క్యాచ్ రెండే పెడితే ఏదో అదృష్టం కొద్దీ గెలిచినట్టుంటుంది. నాలుగూ ఉంటేనే ఆ ఓవర్.

సిక్సర్_సీమ
అన్నా, అది ప్రపంచ కప్ కాబట్టి చూస్తారు. మన ఊరి మ్యాచ్‌లో డాట్ బంతి ఎవరు చూస్తారప్పా!

పాత_టేపు
ఆడిన 22 మంది చూస్తారు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు చూస్తారు. కానీ డాట్ బంతిని మొత్తం చూపించమని నేననలేదు. దానికి ఒక పద్ధతుంది, రాత్రికి రాస్తా. షాపు కట్టేయాల.

స్కోరర్_అక్క (కర్నూలు)
ఆడియో గీత చిట్కా గురించి ఒక మాట. నేను జిల్లా మ్యాచ్‌లకు స్కోరింగ్ చేస్తాను. మన టోర్నీల్లో డీజే ఉంటాడు కదా. సింగిల్ తీసినా వేస్తాడు, డ్రింక్స్ వచ్చినా వేస్తాడు. ఆ గీత అంతా గోడలా ఒకే ఎత్తులో ఉంటుంది. ఇంకో చిక్కు: క్యాచ్ జారినప్పుడు జనం అరవరు, "అయ్యో" అని ఊరుకుంటారు. అది గీతలో దొరకదు.

స్కోరు పుస్తకం అడిగి తీసుకోండి. అందులో బంతి బంతికీ లెక్క ఉంటుంది, టైము మాత్రం ఉండదు. కాబట్టి వీడియోలో ప్రతి ఓవర్ మొదటి బంతి ఎక్కడుందో ఒక్కటి రాసుకోండి. 40 ఓవర్లకు 40 టైములు. ఓవర్ ఎక్కడ మొదలైందో తెలిస్తే, 14వ ఓవర్ మూడో బంతి వెతకడం అర నిమిషం పని. ఆ 40 టైములు పుస్తకం మార్జిన్‌లోనే పెన్సిల్‌తో రాయండి.

ఒక హెచ్చరిక. పుస్తకంలో జారిన క్యాచ్ ఉండదు. జారిన క్యాచ్‌కి ఒక పరుగు వస్తే మేం 1 అని రాస్తాం, రాకపోతే చుక్క పెడతాం. మిస్సైన స్టంపింగ్ కూడా అంతే. మీ మ్యాచ్‌లో అలాంటిదేమైనా ఉందా?

పెవిలియన్_ఎండ్
ఉందక్కా! ధర్మవరం ఓపెనర్ 54 కొట్టాడు. వాడు 5వ ఓవర్లో 9 మీద ఉన్నప్పుడు మిడ్-ఆఫ్‌లో లడ్డూ లాంటి క్యాచ్ వదిలేశారు. అది నా వీడియోలో లేదు. ఫోరూ కాదు, వికెట్టూ కాదు కదా.

స్కోరర్_అక్క
చూడండి మరి. ఆ తర్వాత వాడు కొట్టిన ప్రతి ఫోరుకూ ఆ క్యాచ్ వల్లే విలువ. వదిలినవాడి పేరు తెలిసినవాళ్ళు మైదానంలో ఎంత తిట్టుకుని ఉంటారు!

కడప_గోలీ (కడప)
నేను ఫుట్‌బాల్ వాణ్ణి, మధ్యలో దూరుతున్నా. మాకూ ఇదే గొడవ. అందరూ గోల్‌కి ముందు 4 సెకన్ల నుంచి కోస్తారు. బంతి నెట్‌లోకి పోవడం కనిపిస్తుంది, గోల్ ఎలా వచ్చిందో కనిపించదు. నేనైతే బంతి అవతలి జట్టు కాళ్ళ నుంచి మన కాళ్ళకు మారిన క్షణం నుంచి మొదలుపెడతా. అది 8 సెకన్లు కావచ్చు, 25 కావచ్చు. 90 నిమిషాల ఆటలో ఇలాంటివి పది పదిహేను దొరికితే ఎక్కువ. అందుకే మా వీడియోలో ముక్కలు తక్కువ, ఒక్కోటి పొడవు. క్రికెట్‌లో బంతి బంతికీ మళ్ళీ మొదలు కాబట్టి మీకు మొదలెక్కడో సులభంగా తెలుస్తుంది. అదృష్టవంతులు.

పాత_టేపు
గోలీ చెప్పింది కరెక్టే గానీ, క్రికెట్‌లో మొదలు సులభం అన్నది సగమే నిజం. ముక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నదే పేసింగ్ అంతా. 13వ ఓవర్ తీసుకుందాం. పెవిలియన్_ఎండ్, ఆ ఓవర్ బంతి బంతికీ చెప్పు.

పెవిలియన్_ఎండ్
పుస్తకం ఫోటో నా దగ్గరుంది. 13వ ఓవర్: చుక్క, చుక్క, చుక్క, వికెట్ (ఆ 54 వాడే, లాంగ్-ఆన్‌లో క్యాచ్), 1, 1. స్కోరు 97/3. రెండో బంతి తర్వాత కెప్టెన్ మిడ్-ఆన్‌ని వెనక్కి పంపాడు. అది మా తమ్ముడి ఫోనులో ఉంది.

పాత_టేపు
ఇంకేం కావాల! బంగారంలాంటి ఓవర్. నేనైతే ఇలా కోస్తా.

మొదటి డాట్ బంతి: బౌలర్ చివరి నాలుగైదు అడుగుల నుంచి మొదలుపెట్టి, కీపర్ చేతిలో పడ్డాక ఒక సెకను ఉంచు. సుమారు 6 సెకన్లు. స్పెల్ మొదలైందని చూసేవాడికి తెలియాల కాబట్టి ఈ ఒక్కటీ నిదానంగా.

రెండో డాట్: బంతి చేతినుంచి వదిలే ముందు క్షణం నుంచి కీపర్ చేతి దాకా. 3 సెకన్లు. పరుగెత్తి రావడం వద్దు.

ఇక్కడ మీ తమ్ముడి షాట్, కెప్టెన్ చెయ్యి ఊపడం, మిడ్-ఆన్ వెనక్కి నడవడం. 2 సెకన్లు. ఇది అందం కోసం కాదు. ఆ ఫీల్డర్ వెనక్కి పోవడం చూపించకపోతే, రెండు బంతుల తర్వాత లాంగ్-ఆన్‌లో మనిషి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో తెలియదు.

మూడో డాట్: మళ్ళీ 3 సెకన్లు, కుదిరితే ఇంకా తక్కువ. కీపర్ గ్లవ్స్ చప్పుడు మీదే కోసెయ్.

నాలుగో బంతి: ఇక్కడ ఆగు. బౌలర్ తన మార్క్ దగ్గర తిరిగిన దగ్గర్నుంచి మొత్తం రన్నప్ ఉంచు. ఇంతసేపూ తొందరగా పోయిన వీడియో ఒక్కసారి నిదానిస్తే, ఏదో జరగబోతోందని చెప్పకుండానే తెలుస్తుంది. బంతి గాల్లోకి లేచాక క్యాచ్ పట్టేదాకా ఎక్కడా కోయొద్దు. బంతి గాల్లో ఉన్నప్పుడు ఫీల్డర్ ముఖం చూపించాలని చాలామందికి దురద. ఆ కోతతో బంతి ఎంత దూరం పోయిందన్న లెక్క పోతుంది. పట్టాక బ్యాటర్ నాలుగడుగులు నడిచేదాకా ఉంచు. మొత్తం 16, 17 సెకన్లు.

తర్వాతి రెండు సింగిల్స్ వద్దు. ఓవర్ మొత్తం అర నిమిషం. నీ పాత వీడియోలో ఇది 12 సెకన్లు. పెరిగిన 18 సెకన్లు ఎక్కణ్ణుంచి తేవాలంటే, మొదటి ఇన్నింగ్స్ ఫోర్లలోంచి. 141లో ఫలితాన్ని మార్చని ఫోర్లు సగముంటాయి. 4వ ఓవర్లో థర్డ్ మ్యాన్ వైపు అంచు తగిలి పోయిన ఫోరు ఎవరికి కావాల?

సిక్సర్_సీమ
ఆ ఫోర్ కొట్టినోడికి కావాలన్నా 😄

పాత_టేపు
వాడికి విడిగా వాట్సాప్‌లో పంపు.

నీ కమాండ్ గురించి కూడా చెప్తా. అది పనికొచ్చేదే, కాకపోతే వేరే పనికి. `-c copy` పెడితే వీడియోని మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యదు, అందుకే అంత వేగం. కానీ నువ్వు చెప్పిన క్షణంలో కాకుండా దానికి ముందున్న కీఫ్రేమ్ దగ్గర మొదలవుతుంది. ఒక్కోసారి మొదట్లో బొమ్మ గడ్డకట్టినట్టు ఆగి, సౌండ్ మాత్రం నడుస్తుంది. గ్లవ్స్ చప్పుడు మీద కోయాలంటే అది కుదరదు. పెద్ద ఫైల్లోంచి ముక్కలు ముందూ వెనకా 5 సెకన్లు ఎక్కువ పెట్టి బయటికి తీసుకోవడానికి వాడు. సన్నకోత మాత్రం టైమ్‌లైన్ మీదే చెయ్యాల.

పెవిలియన్_ఎండ్
అన్నా, డాట్ బంతులు వరసగా పెట్టి చూశాను. ఒకే కెమెరా, ఒకే కోణం కాబట్టి బ్యాటర్ ఎగిరి పక్కన దూకినట్టుంది. ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్య మనుషులు మాయమై ఇంకోచోట తేలుతున్నారు.

ఇంకోటి, కొన్ని షాట్లకి సౌండ్ ఆలస్యంగా వస్తోంది. బ్యాట్‌కి తగిలాక "టక్" వినిపిస్తోంది. ఫోన్ పాడైందా?

పాత_టేపు
ఫోన్ బాగానే ఉంది. సైట్‌స్క్రీన్ వెనక పెట్టావు. బ్యాట్‌కీ ఫోనుకీ ఎంత దూరం? అవతలి ఎండ్‌లో బ్యాటర్ ఉంటే 75 మీటర్లు అనుకో. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే 0.22 సెకను ఆలస్యం. 30 ఫ్రేముల వీడియోలో అది 6, 7 ఫ్రేములు. అదే బ్యాటర్ నీ వైపు ఎండ్‌లో ఉంటే దూరం 55 మీటర్లు, ఆలస్యం 5 ఫ్రేములు. ఓవర్ ఓవర్‌కీ బౌలింగ్ ఎండ్ మారుతుంది కదా, అందుకే ఒక ఓవర్ తేడాగా, ఇంకో ఓవర్ కొంచెం సర్దుకున్నట్టుగా ఉంటుంది. ఆ ముక్క ఆడియోని వీడియో నుంచి విడదీసి టైమ్‌లైన్ మీద అన్ని ఫ్రేములు ఎడమకి జరుపు. బంతి బ్యాట్‌కి తగిలిన ఫ్రేము, గీతలో సూదిలా లేచిన "టక్" ఒకేచోటికి రావాల. మైకులో కామెంటరీ కూడా దాంతోపాటే జరుగుతుంది గానీ, మాట్లాడేవాడి పెదాలు కనపడవు కాబట్టి ఎవరికీ తెలీదు. ఈ పని ఉంచిన అన్ని బంతులకూ అక్కర్లేదు. పెద్ద షాట్లకు, బౌల్డ్‌లకు చాలు.

బ్యాటర్ దూకినట్టుండే దానికి: 4కేలో తీశావు, వీడియో 1080లో ఇస్తావు. కాబట్టి రెండో బంతిని పిచ్ దాకా దగ్గరికి లాగినా బొమ్మ చెడదు. మొదటిది వెడల్పుగా, రెండోది బాగా దగ్గరగా. 10 శాతం మాత్రం పెంచితే పొరపాటున జరిగినట్టుంటుంది, పెంచితే గట్టిగా పెంచు. లేదా మధ్యలో మీ తమ్ముడి షాట్ ఒకటి. నువ్వు తిట్టుకుంటున్న ఎండ్ మార్పు కూడా నీకు ఉపకారమే. ఒక ఓవర్ బౌలర్ వెనక నుంచి, తర్వాతి ఓవర్ కీపర్ వెనక నుంచి కనపడుతుంది. రూపాయి ఖర్చు లేని రెండో కెమెరా అనుకో. ఎండ్ మారిన మొదటి ముక్క మాత్రం వెడల్పుగా పెట్టు, లేకపోతే లాంగ్-ఆన్ ఎటో లాంగ్-ఆఫ్ ఎటో తెలియక తికమకపడతారు.

స్కోరర్_అక్క
నాకు ఎప్పుడూ చిరాకు తెప్పించేది ఒకటుంది. కింద స్కోరు పట్టీ వేస్తారు కదా. ముక్క మొదలవగానే ఆ బంతి అయిపోయిన తర్వాతి స్కోరు వేసేస్తారు. బౌలర్ ఇంకా పరుగెత్తుతుంటాడు, కింద 97/3 అని ఉంటుంది. మూడో వికెట్ పడబోతోందని ముందే తెలిసిపోయింది, ఇక చూసేదేముంది? బంతి ముందు స్కోరు ఉంచాలి, ఫలితం తేలాక మార్చాలి. క్యాచ్ అయితే పట్టాక. రనౌట్ అయితే అంపైర్ వేలెత్తాక.

ఛేజింగ్‌లో 95/2 అన్న అంకె కన్నా "48 బంతుల్లో 47" అన్నదే ముఖ్యం. దాన్ని ప్రతి ముక్కకూ వేయొద్దు. 12వ ఓవర్ అయ్యాక 48 బంతుల్లో 47, 16 అయ్యాక 24 బంతుల్లో 33, చివరి ఓవర్‌కి ముందు 6 బంతుల్లో 7. ఈ మూడు చాలు. మొదటి రెండూ పక్కపక్కన చూస్తే, బంతులు సగమైపోయినా తీయాల్సినవి 14 మాత్రమే తగ్గాయని కళ్ళకు కడుతుంది.

పెవిలియన్_ఎండ్
అక్కా, మా మైకు మామ ప్రతి ఓవర్‌కీ అదే అరుస్తుంటాడు. "ఇరవై నాలుగు బంతులు, ముప్పై మూడు కావాల, ధర్మవరం పిల్లోళ్ళు ఏం జేస్తారో సూడాల!" అని. మా సాఫ్ట్‌వేర్‌లో పట్టీ వేయడం కన్నా ఇదే బాగుందనిపిస్తోంది.

పాత_టేపు
దాన్ని వదులుకోవద్దు. ఆ గొంతు నీ వీడియోకి వెన్నెముక. కాకపోతే మామ వాక్యం బంతితో పాటు ముగియదు. ముక్క 5 సెకన్లకు అయిపోతుంది, మామ ఇంకా "ఏం జేస్తారో" దగ్గరే ఉంటాడు. బొమ్మ కోసిన చోటే మాట కోస్తే నోరు మూసేసినట్టుంటుంది. బొమ్మ తర్వాతి బంతికి పోనీ, మామ మాట దాని మీదుగా నడవనీ. తర్వాతి బంతి బ్యాట్‌కి తగిలే లోపు వాక్యం ముగిస్తే చాలు.

సిక్సర్_సీమ
డీజే పాటలు వచ్చిన చోట ఏం చేస్తారు? సినిమా పాటలుంటే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. నేను మా మ్యాచ్‌కి ఆ సౌండ్ మొత్తం తీసేసి, నెట్‌లో దొరికే స్టేడియం గోల పెట్టాను. బ్యాట్ సౌండ్ ఇంకో బంతిది కాపీ చేశాను. ఎవరూ గుర్తుపట్టలేదు. సూపర్ వచ్చింది.

స్కోరర్_అక్క
300 మంది ఉన్న గ్రౌండ్‌లో లక్ష మంది అరుస్తుంటే గుర్తుపట్టరా తమ్ముడూ? మొహమాటానికి చెప్పుండరు.

పాత_టేపు
బ్యాట్ సౌండ్ ఇంకో బంతిది తేవడం వరకు నాకు అభ్యంతరం లేదు, అదే మైదానం, అదే ఫోను. గోల బయటి నుంచి తేవడం నాకు నచ్చదు. పాట లేని చోట అదే జనం చేసిన గోల ఒక నిమిషం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, దాన్నే తెచ్చుకో.

కడప_గోలీ
నేను అదీ ఒప్పుకోను. జరగని శబ్దం జరిగినట్టు పెట్టడమే కదా రెండూ. పాట ఉంటే సౌండ్ తగ్గించి ఊరుకుంటా.

సిక్సర్_సీమ
ఊరుకుంటే క్లెయిమ్ పోదు గోలీ అన్నా, సన్నగా ఉన్నా పట్టేస్తది 😄

పెవిలియన్_ఎండ్
రెండో కోత అయిపోయింది. అందరి మాటలూ కలిపి ఇలా వచ్చింది. మొదటి ఇన్నింగ్స్ 2 నిమిషాల 10 సెకన్లు, 11 ముక్కలే. ఛేజింగ్‌లో 12 ఓవర్ల దాకా 1 నిమిషం 45. ఇందులో జారిన క్యాచ్‌కే 14 సెకన్లు ఇచ్చాను. ఆ ఫీల్డర్ మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది మా తమ్ముడి ఫోనులో దొరికింది. 13 నుంచి 18 ఓవర్లు 2 నిమిషాల 5. 19వ ఓవర్ 30 సెకన్లు.

ఆఖరి ఓవర్ 6 బంతులూ ఉన్నాయి: 1, చుక్క, 2, క్యాచ్, 1, 1తో రనౌట్. మొత్తం 1 నిమిషం 35. అంతా కలిపి 8 నిమిషాల 5 సెకన్లు. పాతదాని పొడవే, కానీ ఇప్పుడు మా నాన్న కూడా కదలకుండా చూశాడు. ఆయనకు ఫలితం తెలుసు.

ఇప్పుడు రెండు సందేహాలు. రనౌట్‌ని స్లోలో మళ్ళీ చూపించాలా? రెండోది, వీడియో మొదట్లోనే ఆ ఆఖరి బంతి రన్నప్ ఒక 4 సెకన్లు చూపించి, "ఇక్కడిదాకా ఎలా వచ్చింది" అన్నట్టు వెనక్కి పోతే?

పాత_టేపు
సెకనుకు 30 ఫ్రేముల్లో తీసినదాన్ని సగం వేగానికి తగ్గిస్తే ప్రతి ఫ్రేము రెండుసార్లు వస్తుంది, బెయిల్ తుళ్ళి తుళ్ళి పడుతుంది. సాఫ్ట్‌వేర్ మధ్య ఫ్రేముల్ని ఊహించి గీస్తే బ్యాట్ అంచు సాగిపోతుంది, సరిగ్గా అందరూ చూడాలనుకునే చోటే. వచ్చేసారి 60లో తీయండి. ఈసారి మామూలు వేగంలోనే, క్రీజు దగ్గరికి లాగి ఇంకోసారి చూపించు చాలు. అది కూడా అంపైర్ వేలెత్తాకే. ముందు జరిగింది జరిగినట్టు ఒక్కసారి పోనీ.

మొదట్లో ఆఖరి బంతి పెట్టడం నేను చెయ్యను. చివరిదాకా వెళ్ళిందని ముందే చెప్పేస్తే, 95/2 దగ్గర ధర్మవరం గెలిచేసిందని ఎవరనుకుంటారు? ఆ అనుకోవడం మీదే నీ వీడియో నిలబడింది.

సిక్సర్_సీమ
నేను ఒప్పుకోను. మొదటి 5 సెకన్లలో ఏమీ లేకపోతే వేలు పైకి జరిపేస్తారు. తాడిపత్రి మొదటి ఓవర్ చూడ్డానికి ఎవరు ఆగుతారు? ఆ రన్నప్ పెట్టు, బంతి వదలక ముందే కోసెయ్. ఫలితం చెప్పినట్టు కాదు కదా.

స్కోరర్_అక్క
ఇందులో నేను సిక్సర్ తమ్ముడి వైపే. మ్యాచ్ చూడనివాళ్ళకు అది కావాలి. మ్యాచ్ చూసినవాళ్ళకు ఎలాగూ తెలుసు.

పాత_టేపు
అయితే రెండు రకాలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, గ్రూపులో ఒకటి, యూట్యూబ్‌లో ఒకటి పెట్టి చూడు. నా మాట మాత్రం మారదు.

పెవిలియన్_ఎండ్
సరే అన్నా, రెండూ పెడతా. లింక్ మీ అందరికీ మెసేజ్‌లో పంపాను, పబ్లిక్ చేసే ముందు ఒకసారి చూడండి.

కడప_గోలీ
చూశా. 17వ ఓవర్లో రెండు ఫోర్లు వరసగా ఒకే పొడవు, ఒకే జూమ్. రెండోదాన్ని బంతి వదిలిన దగ్గర్నుంచే మొదలుపెడితే ఊపు వస్తుంది. ధర్మవరం మళ్ళీ లేచింది అక్కడే కదా.

స్కోరర్_అక్క
18వ ఓవర్ చివర పట్టీలో 126/5 అని ఉంది, 126/6 కదా. 19వ ఓవర్ మొత్తం అదే తప్పు నడిచింది, 135/5 అని. ఆఖరి ఓవర్లో క్యాచ్ పడ్డాక ఒక్కసారిగా 7 అయింది. పబ్లిక్ చేసేలోపు సరిచేయండి.

పెవిలియన్_ఎండ్
కూర్చున్నా అక్కా, ఇప్పుడే మారుస్తున్నా.